చార్ట్ చేసిపెట్టు తాతయ్యా!

మా రోజుల్లో పటం గీయమని ఎవరైనా అంటే ముందు రెండు ప్రశ్నలు ఎదురయ్యేవి. ఏ రిజిస్టరులోంచి? ఎవరికి చూపించడానికి? ఈ రెంటికీ జవాబు లేకపోతే మా హెడ్డు గుమాస్తా గారు గ్రాఫు కాగితం ఇచ్చేవారు కాదు. బీరువా తాళం ఆయన మొలతాడుకి ఉండేది. కాగితం ఒకటి పాడైతే రెండోది అడగడానికి నాకు మూడు రోజుల ధైర్యం కావలసి వచ్చేది. అంచేత గీయబోయే ముందే ఆలోచించేవాళ్లం. బుద్ధిమంతులమై కాదులే నాయనా, కాగితం లేక.

ఇప్పుడేముంది! మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఉండగా ఫోను టింగుమంది. మా మనవరాలు వ్యవసాయ కళాశాలలో చదువుతోంది, ఎక్సెల్ ఫైలొకటి పంపింది. దాని కింద ఒక్క ముక్క: ‘చార్ట్ చేసిపెట్టు తాతయ్యా.’ నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు, దేని గురించో లేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టమన్నట్టు నేనూ వెంటనే కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. మండల ఆఫీసులో వానలెక్కలు రాసి రిటైరైన ముసలాడికి ఎవరైనా అంకెలు పంపితే అది పెళ్లిపిలుపు కిందే లెక్క. గొణుగుడు గొణుగుడే, వెళ్లడం వెళ్లడమే.

ఫైలు తెరిస్తే అడుగున వరసగా ఆరు చీటీలు. Daily, Monthly, Crop, Final, Final_new, Sheet3. మా కాలంలో ఒక్కో లెక్కకు ఒక్కో రిజిస్టరు ఉండేది. వానకి ఎర్రగుడ్డ బైండు, పంటకి పచ్చబైండు, వేటి బరువు వాటిది. ఇప్పుడు ఇల్లంతా ఒకే మూటలో కట్టేసి చేతికిస్తారు. 1993లో వచ్చిన ఎక్సెల్ 5తో ఒకే ఫైలులో ఇన్ని షీట్లు పెట్టుకోవడం మామూలైపోయిందట. ఆ ఎక్సెల్ చేసిన మహానుభావులకి మా మనవరాలి మూట చూపించాలని ఉంది.

తెరవగానే కళ్లముందు నిలిచింది Final_new. ఇక్కడే అబ్బాయిలూ అమ్మాయిలూ మొదట బోల్తా పడేది. ఫైలు తెరిచినప్పుడు కనబడే షీటు ముఖ్యమైనది కాదర్రా! ఆఖరిసారి దాచినవాడు ఏ షీటు మీద చెయ్యి తీశాడో అది కనబడుతుంది, అంతే. పంతులుగారు పుస్తకం ఎక్కడ తెరిచి నిద్రపోయారో అదే పాఠమనుకున్నట్టుంటుంది మీ వరస. పేరులో Final అని ఉంది కదా అంటారేమో. పక్కనే ఇంకో Final ఉంది. ఆఖరివి రెండున్నాయంటే రెండూ ఆఖరివి కావని నా అనుభవం.

Final_new చూడ్డానికి దర్జాగానే ఉంది. పైన నాలుగు గళ్లు కలిపేసి పెద్దక్షరాల శీర్షిక, దాని కింద వానపట్టిక, ఓ రెండు వరసలు వదిలి పంటపట్టిక, మూలన ఎప్పటిదో ఒక రంగుల చార్టు. నేను ఒక గడి మీద నొక్కి పైన సూత్రం కనబడే పట్టీ చూశాను. ఉత్త అంకె ఉంది. ఇంకో గడి, అక్కడా ఉత్త అంకే. అంటే వీటిని ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. తర్వాత Monthly తెరిచి అదేపని చేస్తే అక్కడ సూత్రం కనబడింది. Daily షీటులోని రోజువారీ వానను నెలకింత అని కూడుతోంది. ఇక తల్లెవరో బిడ్డెవరో తెలిసిపోయింది. Daily తల్లి, Monthly బిడ్డ, Final_new ఆ బిడ్డకి ఎప్పుడో తీసిన ఫొటో. బిడ్డ పెరుగుతుంది, ఫొటో పెరగదు.

ఊరికే అంటున్నాననుకోకండి. 2022 సెప్టెంబరు వాన Final_newలో 148 మిల్లీమీటర్లు. Monthlyలో 184. మా రోజుల్లోనైతే ఇది అంకెలు తారుమారు చేసిన గుమాస్తా పని అనేసి తిట్టడం మొదలుపెట్టేవాళ్లం. నేనూ మొదలుపెట్టాను. తీరా Dailyకి వెళ్లి సెప్టెంబరు రోజులన్నీ కూడితే 184 వచ్చింది. తేడా 36. నెలాఖరు దగ్గర చూస్తే 29వ తేదీన ఒక్కరోజే 36 మి.మీ. పడింది. ఆ రీడింగు ఎక్కించకముందే ఎవరో Final_newలోకి అతికించుకున్నారన్నమాట. తిట్టిన గుమాస్తాకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. మీరు కూడబోతే ఇలా కూడండి, Dailyలో మొదటి నిలువు వరస తేదీ, మూడోది వాన:

```
=SUMIFS(Daily!C:C,Daily!A:A,">="&DATE(2022,9,1),Daily!A:A,"<"&DATE(2022,10,1))
```

నేను మాత్రం కాగితం మీద పెన్సిలుతో కూడాను. సూత్రం మనవరాలిది.

అన్నట్టు, రోజు వాన అంటే ఏమిటో మీకు తెలుసా? పొద్దున ఎనిమిదిన్నరకి వర్షమాపకం మూత తీసి, కొలగాజులో నీళ్లు పోసి, అంకెను కంటికి సమంగా పెట్టుకుని చదవాలి. అది అంతకుముందు ఇరవైనాలుగు గంటల వాన. రాసేది మాత్రం చదివిన తేదీ మీద. అంచేత జులై ఒకటిన రాసిన వానలో ఎక్కువ భాగం జూన్ ముప్పైన పడిందే. నెలవారీ చార్టులో ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు. నా కంటికి ఆనుతుంది. ముప్పైయేళ్లు గొడుగు పట్టుకుని ఆ గాజు చదివినవాడి కన్ను మరి.

సరే, షీటు దొరికింది. ఇక ఉండబట్టలేక, మీరంతా చేసే పని నేనూ చేశాను. ఎవరూ చూడట్లేదు కదా అని Monthly పట్టిక మొత్తం పట్టుకుని F11 నొక్కాను. ఒక్క క్షణంలో చార్టు! మా హెడ్డు గుమాస్తా గారు చూస్తే మూర్ఛపోయేవారు. చూశాక నేనూ దాదాపు పోయాను.

ఆ పట్టికలో అయిదు నిలువు వరసలున్నాయి: సంవత్సరం, నెల, పడిన వాన, సాధారణ వాన, తేడా శాతం. యంత్రానికి సంవత్సరం కూడా ఒక అంకే. అంచేత ప్రతి నెల పక్కనా 2022 ఎత్తున ఒక కమ్మీ, తర్వాత 2023 ఎత్తున కొన్ని, కరెంటు స్తంభాల్లా బారులు తీరాయి. వాటి పాదాల దగ్గర వానలు గరికపోచల్లా నక్కాయి. కుడిచివరన పట్టిక అడుగునున్న ‘మొత్తం’ అనే వరస పదమూడో నెలగా వచ్చి కూర్చుంది. శాతాలేమో కొన్ని నెలల్లో నేలకిందికి దిగబడ్డాయి. చార్టులో ఒక రంగు కమ్మీలన్నీ ఒకే ఎత్తున రెండువేల దగ్గర నిలబడితే సంవత్సరం లెక్కలో దూరిందని తెలుసుకోండి. ఒక్కటి మాత్రం మిగతావాటి నెత్తిన ఎక్కితే మొత్తం దూరిందని తెలుసుకోండి. ఈ రెండు దొంగల్నీ వాళ్ల ఎత్తును బట్టే పట్టుకోవచ్చు.

ఇంతకీ దేన్ని గీయాలి? ఇక్కడ ఆగిపోయి ఫోను చేశాను.

‘ఏమ్మా, ఈ చార్టుతో నువ్వు చెప్పదలచుకున్నదేమిటి?’

‘ఏదో ఒకటి బాగుండేది చేసెయ్ తాతయ్యా, సాయంత్రం రిపోర్టు ఇవ్వాలి.’

‘బాగుండేది అంటే మీ అమ్మమ్మ ముగ్గు కూడా బాగుంటుంది. నీ రిపోర్టులో ప్రశ్నేమిటి?’

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత నిదానంగా, ‘వాన పడ్డాక భూగర్భ జలం ఎంత పైకొచ్చింది, ఎన్నాళ్లకి వచ్చింది అని’ అంది.

చూశారా? ప్రశ్న ఉంది పిల్ల దగ్గర. అడిగేవాడు లేక ఊరుకుంది. ఆ ఒక్క వాక్యంతో సగం మూట విప్పేసినట్టయింది. Crop అక్కర్లేదు. శాతాలు అక్కర్లేదు. సాధారణ వాన కూడా ఈ ప్రశ్నకి అక్కర్లేదు, అది కరవో కాదో తేల్చడానికి పనికొస్తుంది గాని. కావలసినవి రెండే, నెలవారీ పడిన వాన, నెలవారీ నీటిమట్టం. మరి నీటిమట్టం ఏ షీటులో ఉంది? ఆరింట్లోనూ లేదు! నాకు మళ్లీ తిట్లు మొదలయ్యాయి. అప్పుడు మనవరాలే చెప్పింది, చీటీల మీద కుడివైపు మీట నొక్కి Unhide చూడమని. చూస్తే GWL అనే ఏడో షీటు అటకెక్కి కూర్చుంది. మా రోజుల్లో రిజిస్టరు దాచాలంటే బీరువా వెనక పడేసేవాళ్లం, దుమ్ము చూసి కనిపెట్టేవాళ్లు. ఈ అటక మీద దుమ్ము కూడా పడదు.

ఆ షీటులో మూడు పరిశీలక బావుల లెక్కలు ఒకదాని కింద ఒకటి. జూన్‌కి మూడు బావులు, జులైకి మూడు బావులు, అలా. ఆ వరసను ఉన్నదున్నట్టు గీస్తే గీత రంపం పళ్లలా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. నీళ్లు అలా ఎగిరిపడ్డాయని కాదు, ప్రతి అడుగుకీ బావి మారుతోంది. అంచేత ముందు ఒక్క బావిని వడగట్టాను. మండలాఫీసు ఆవరణలోది, వర్షమాపకానికి దగ్గరిది. మిగతా రెంటి పక్కనా రైతుల బోర్లు ఆడుతుంటాయి, మోటారు వేసిన పూటకీ వెయ్యని పూటకీ మట్టం మారిపోతుంది. ఏ బావిని ఎందుకు తీసుకున్నానో చార్టు కిందే రాయించాను. లేకపోతే నచ్చిన బావిని ఏరుకున్నాడంటారు. అనాలి కూడా.

ఇంకొక ముల్లు. డిసెంబరు ఎదురుగా 0 అని ఉంది. అక్టోబరు 5.1, నవంబరు 5.3, డిసెంబరు 0, జనవరి 6.6. ఇవి నేలమీంచి నీళ్లదాకా ఉన్న లోతులు, మీటర్లలో. సున్నా అంటే నీళ్లు నేలతో సమంగా పొంగి నిలిచాయని అర్థం! డిసెంబరులో మా మండలాఫీసు ఆవరణలో నీళ్లు పొంగితే ఊరంతా తీర్థానికొచ్చేది. ఆ నెల ఎవరో కొలవలేదు, కొలవలేదని రాయడానికి మనసొప్పక సున్నా పెట్టారు. వానలెక్కలో సున్నా పెద్దమనిషి, వాన పడలేదని నిజం చెబుతుంది. బావిలెక్కలో అదే సున్నా పచ్చి అబద్ధాలకోరు. ఆ గడిని ఖాళీ చేయించాను. గీత అక్కడ తెగింది. తెగనీ. ‘అతుకు బాగుండదా తాతయ్యా?’ అంది పిల్ల. కొలవని నెలకి గీత ఎందుకు తల్లీ!

ఇక ఏ రకం చార్టు? ఎక్సెల్ నిండా రకాలే, పెళ్లిభోజనంలో విస్తరి చుట్టూ గిన్నెలు పెట్టినట్టు. మనవరాలి మనసు గుండ్రటిదాని మీదుంది. పన్నెండు నెలల వాన, పన్నెండు రంగుల ముక్కలు. ఆ గుండ్రటిది విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు పెద్దమనిషి 1801లో అచ్చు వేసిన పుస్తకంలోది. అంతకు పదిహేనేళ్ల ముందే, 1786లో, ఆయనే గీతల పటాలూ కమ్మీల పటమూ చక్కగా వేసిచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే లోకానికి ఎంత మేలు! గుండ్రంలో నెలలు చుట్టుతిరిగి జూన్ పక్కకి మే వచ్చి కూర్చుంటుంది. జులై 171, ఆగస్టు 163, సెప్టెంబరు 184, ఈ మూడు ముక్కల్లో పెద్దదేదో కంటితో చెప్పండి చూద్దాం. అదే మూడు కమ్మీలు పక్కపక్కన నిలబెడితే పసివాడు చెబుతాడు. ఒకవేళ ఏడాది వానలో నైరుతి వాటా ఎంత, ఈశాన్యం వాటా ఎంత అని అడిగి ఉంటే గుండ్రటిదానికి ఒప్పుకునేవాణ్నేమో. మూడు నాలుగు ముక్కలు, అన్నీ కలిస్తే పూర్తి ఏడాది. అప్పుడైనా గొణుక్కుంటూనే.

వాన కమ్మీలకే తగింది. ఎందుకంటే అది నెలంతా పోగుపడిన మొత్తం, ఒక నెల వానకీ మరుసటి నెల వానకీ మధ్య ప్రయాణమేమీ లేదు. పైగా కమ్మీ సున్నా నుంచే లేవాలి. దాని పొడవే దాని మాట, కాళ్లు నరికితే మాట మారిపోతుంది. నీటిమట్టం అలా కాదు. అది ఎప్పుడూ బావిలో ఉంటుంది, మనం నెలకోసారి వెళ్లి పలకరిస్తాం. రెండు పలకరింపుల మధ్య అది మెల్లగా లేస్తూనో దిగుతూనో ఉంటుంది. అంచేత గీత. చుక్కలు పెట్టి కలపడం.

రెంటినీ ఒకే చట్రంలో వేస్తే వానేమో నూటఎనభై దాకా లేస్తుంది, లోతు పన్నెండు దాటదు. గీత నేలకి కరుచుకుపోయింది. కుడివైపు ఇంకో కొలత పెట్టొచ్చంది మనవరాలు, పెట్టి చూపించింది కూడా. కమ్మీల మీద గీత అందంగా ఊగింది. నేను ఆ కుడి కొలతను కాస్త సాగదీయమన్నాను. గీత వేరేచోట కమ్మీలను తాకింది. కుదించమన్నాను. ఇంకోచోట తాకింది. ‘ఇందులో నిజమైన తాకుడు ఏది?’ అంటే పిల్ల నవ్వేసింది. అంచేత రెండు చట్రాలు, పైన వాన కమ్మీలు, కింద నీటి గీత, రెంటికీ జూన్ నుంచి మే దాకా నెలలు ఒకే నిలువులో. ఏ కొలతా ఇంకోదాని కాలు తొక్కదు.

కింది చట్రంలో లోతు కొలతను తిరగేయించాను. నిలువు కొలత మీద నొక్కితే వచ్చే అమరికల్లో Values in reverse order అని ఉంటుంది. పైన సున్నా అంటే నేల, కింద పన్నెండు మీటర్లు. నిజం బావిలో ఎలా ఉంటుందో అలా. లేకపోతే నీళ్లు అడుగంటేకొద్దీ గీత పైకెక్కుతుంది.

ఇది నాకెలా తెలుసంటారా? చెప్పకూడదనుకున్నాను. 1987. దేశంలో చాలాచోట్ల కరవు. నేను మిల్లీమీటరు కాగితం మీద రాత్రంతా కూర్చుని, నల్లసిరాతో, చెయ్యి వణక్కుండా బావి లోతుల పటం గీశాను. తప్పుపడిన చోట బ్లేడుతో గీకి మళ్లీ గీశాను. తెల్లారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి గోడకున్న పటాన్ని తలెత్తి చూశారు. నెలనెలా పైకెక్కుతున్న గీత. ‘భేష్! ఇంత కరవులోనూ మీ బావుల్లో నీళ్లు పెరుగుతున్నాయే!’ అన్నారు. హెడ్డు గుమాస్తా గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ‘చిత్తమండి’ అన్నాను.

ఇంత ఆలోచించి, ఇంత పొదుపుగా గీసే రోజుల్లోనే.

పోనీ లెండి. సాయంత్రానికి చార్టు తయారైంది. పైచట్రంలో వాన సెప్టెంబరులో పతాకస్థాయి, కిందచట్రంలో నీళ్లు జూన్‌లో 11.2 మీటర్ల లోతున ఉన్నవి అక్టోబరుకి 5.1కి వచ్చాయి. అంటే ఆరు మీటర్లకు పైగా లేచాయి, ఆ లేవడం కూడా ఆఖరి పెద్దవాన తర్వాత నెలకి గాని పూర్తి కాలేదు. పిల్ల అడిగిన రెండు ప్రశ్నలకీ కన్ను పైనుంచి కిందికి దించితే జవాబు. ఒక్క బావి, ఒక్క ఏడాది మాత్రమే సుమా అని రిపోర్టులో రాయమన్నాను. రాస్తానంది. రాసిందో లేదో.

ఆదివారం ఇంటికొచ్చింది. ఆ కరవు నాటి పటం చూపించమని పట్టుబట్టింది. ట్రంకుపెట్టె అడుగునుంచి తీశాను, మడతల దగ్గర చిరిగింది గాని సిరా చెక్కుచెదరలేదు. దాన్ని తలకిందులు చేసి చూపించాను, ‘ఇదిగో ఇలా పట్టుకోవలసింది వాళ్లు’ అని. నెలల వెంట చూస్తే గీత కిందికి దిగింది సరే, ఆ నెలలే కుడినుంచి ఎడమకి వెనక్కి నడిచాయి. నేను తెల్లబోయాను. పిల్ల నా చేతిలోంచి కాగితం తీసుకుని, కిందంచును పైకి మడిచినట్టుగా బోర్లించి, వెనకవైపునుంచి కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. జూన్ ఎడమన, మే కుడిన, నీళ్లు నెలనెలా కిందికి. నా గుండ్రటి చేతిరాత మాత్రం అద్దంలో శీర్షాసనం వేసినట్టుంది.

‘కదలకుండా పట్టుకో తాతయ్యా’ అంటూ కాగితం నా చేతికిచ్చి, ఫోను తీసింది.